పచ్చచుక్క వెలుగుతున్నంత మాత్రాన కాపలా ఉన్నట్టు కాదు

మా సర్వర్లకు ఎండ్‌పాయింట్ డిటెక్షన్ ఏజెంట్‌ను అమ్మిన సంస్థ, నేను సోమవారం తెరిచిన టికెట్‌ను ఈ మధ్యాహ్నం మూసివేసింది. "కన్సోల్‌లో మీ మూడు సర్వర్లూ ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి. సమస్య కొనసాగితే ఏజెంట్‌ను తొలగించి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి" అన్నది వారి సమాధానం. ఆన్‌లైన్‌లో ఉన్నాయని నాకూ తెలుసు. ఆన్‌లైన్‌లో ఉంటూనే ఒక్క ఈవెంట్ కూడా పంపడం లేదన్నదే నా ఫిర్యాదు.

శనివారం రాత్రి 11 గంటలకు 14 లినక్స్ సర్వర్లకు కెర్నెల్ అప్‌డేట్ వేసి రీబూట్ చేశాము. సోమవారం మధ్యాహ్నం ఒంటి గంటకు వేరే పని మీద ప్రాసెస్ ఈవెంట్లు వెతుకుతుంటే, మూడు సర్వర్ల నుంచి 38 గంటలుగా ఏమీ రాలేదని తెలిసింది. కన్సోల్‌లో మాత్రం ఆ మూడింటి పక్కన పచ్చచుక్క వెలుగుతూనే ఉంది. ఎందుకంటే ఆ చుక్క చూసేది హార్ట్‌బీట్‌ను మాత్రమే. హార్ట్‌బీట్ పంపేది మామూలు సర్వీసు. ఏ ప్రాసెస్ మొదలైందో, ఏ ఫైలు తెరుచుకుందో పట్టుకునేది కెర్నెల్‌లో లోడయ్యే మాడ్యూల్. మాడ్యూల్ లేకపోయినా సర్వీసు హాయిగా నడుస్తుంది, తాను బతికే ఉన్నానని నిమిషనిమిషానికీ చెబుతుంది. సహాయ విభాగానికి ఈ తేడా నేను వివరించవలసి రావడమే నాకు మింగుడుపడడం లేదు.

నిజానికి చూడవలసింది ఇంతే (పేర్ల స్థానంలో మీ ఏజెంట్ పేర్లు పెట్టుకోండి):

```
uname -r
systemctl is-active edr-agent
lsmod | grep edr_sensor
dkms status
```

మా దగ్గర మొదటిది కొత్త కెర్నెల్‌ను చూపింది, రెండోది active అన్నది, మూడోది ఖాళీగా వచ్చింది. నాలుగోదానిలో పాత కెర్నెల్ పేరే ఉంది, కొత్తది లేదు. తెలిసిన కెర్నెళ్లకు ఈ ఏజెంట్ ముందే కట్టి, సంతకం చేసిన మాడ్యూల్‌ను తెచ్చుకుంటుంది. తెలియని కెర్నెల్ ఎదురైతే డీకేఎంఎస్ ద్వారా సర్వర్ మీదే కట్టుకోవాలని చూస్తుంది. అలా కట్టాలంటే నడుస్తున్న కెర్నెల్‌కు సరిగ్గా సరిపోయే వెర్షన్ kernel-devel ఉండాలి. ఈ మూడింటిలో అది లేదు. వెంటనే ఇన్‌స్టాల్ చేసి, dkms autoinstall నడిపితే రెండు సర్వర్లు దారికి వచ్చాయి.

మూడోదానిలో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది. అక్కడ మాడ్యూల్ కట్టడం పూర్తయినా modprobe వేస్తే Key was rejected by service అన్న జవాబు వచ్చింది. సంస్థ సంతకాన్ని ఆ సర్వర్ నమ్ముతుంది గానీ, డీకేఎంఎస్ అక్కడికక్కడ చేసిన సంతకాన్ని నమ్మదు. ఆ సంతకానికి వాడిన తాళంచెవిని mokutil --import తో నమోదుకు పెట్టి, రీబూట్ చేసి, కెర్నెల్ లేవక ముందు వచ్చే తెర మీద ఎవరో ఒకరు అంగీకరించాలి. రిమోట్ కన్సోల్ లేని సర్వర్ అయితే డేటా సెంటర్‌కు మనిషి వెళ్లవలసిందే.

ఇప్పుడు చెప్పండి, ఇన్‌స్టాలర్‌ను మళ్లీ నడిపితే ఇందులో ఏది బాగుపడుతుంది? అదే కెర్నెల్, అదే నిరాకరణ. పైగా ఏజెంట్ లాగులు పోతాయి, మా కన్సోల్‌లో ఆ సర్వర్ కొత్త గుర్తింపుతో రెండోసారి చేరుతుంది.

అన్నిటికంటే నన్ను మండించినది సమాధానంలోని చివరి వాక్యం: "ఆగిన డేటా తరువాత దానంతట అదే చేరుతుంది." ప్రాక్సీయో సర్టిఫికెట్టో అడ్డుపడినప్పుడు ఆ మాట నిజమే, ఏజెంట్ పట్టుకున్న ఈవెంట్లను డిస్కులో దాచి, దారి తెరుచుకున్నాక పంపుతుంది, దాచే చోటు నిండనంతవరకు. ఇక్కడ మాడ్యూలే లేనప్పుడు పట్టుకున్నది ఏముంది, పంపడానికి? ఆ 38 గంటలు ఎప్పటికీ రావు. ఆ ఖాళీని auditd రికార్డులతోనూ, /var/log/secure తోనూ గంటగంటకూ నేనే పరిశీలించాను. ఆ మాట నమ్మి ఊరుకుని ఉంటే, ఆ రెండు రాత్రులలో ఎవరు లాగిన్ అయ్యారో ఎవరూ చూసి ఉండేవారు కారు.

ఈ పచ్చచుక్కతో నా తగువు పాతది. హార్ట్‌బీట్ పక్కనే చివరి ఈవెంట్ వచ్చిన సమయాన్ని కూడా చూపించమని ఎన్నాళ్లుగానో అడుగుతున్నాను. అది ఉంటే ఆదివారం ఉదయమే తెలిసేది. చేయరు. అందుకే ఇకపై మా ప్యాచింగ్ పట్టికలో చుక్క రంగు రాయడం మాన్పించాను. రీబూట్ తరువాత ప్రతి సర్వర్ మీదా ఒక గుర్తు ఆదేశం నడిపి, అది పది నిమిషాలలో కన్సోల్‌లో కనిపించాకే సంతకం పెట్టాలి.

టికెట్‌ను మళ్లీ తెరిచాను. మూడో సర్వర్‌ను మాత్రం పాత కెర్నెల్‌తోనే లేపి ఉంచాము. అక్కడ ఏజెంట్ అన్నీ పంపుతోంది, భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్ మాత్రం లేదు.