పాత 12 జీబీ ముందు కొత్త 8 జీబీ ఎందుకు ఓడుతుంది?

కొత్త తరం గ్రాఫిక్స్ కార్డంటే మెరుగైన కార్డేనని మన లెక్క. ఇంట్లో డెస్క్‌టాప్ మీద ఏఐ మోడళ్లు నడపాలనుకునేవాళ్లు ఆ లెక్క పక్కన పెట్టాలి. 2021లో 12 జీబీ మెమరీతో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060నీ, 2023లో 8 జీబీతో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060నీ పక్కపక్కన పెడితే గేముల్లో కొత్తదే గెలుస్తుంది. ఈ పనికి మాత్రం నేను పాతదే కొంటాను.

కారణం చాలా మొరటుది. మోడల్ ఒక్కో టోకెన్, అంటే ఒక మాటో మాట ముక్కో, రాసే ప్రతిసారీ తనలోని అంకెలన్నిటినీ, అంటే పారామీటర్లను, మెమరీలోంచి మొదటి నుంచి చివరిదాకా చదవాలి. 1400 కోట్ల పారామీటర్ల క్వెన్ 2.5 మోడల్‌ను నాలుగు బిట్లకు కుదిస్తే 9 జీబీ అవుతుంది. 3060 మెమరీ సెకనుకు 360 జీబీ చదవగలదు. అంటే కాగితం మీద సెకనుకు 40 టోకెన్లు. అసలు వేగం కొంత తగ్గినా, మనం చదివే వేగం కన్నా ఎక్కువే.

ఇదే మోడల్ 4060లో పట్టదు. సంభాషణను గుర్తుపెట్టుకునే క్యాష్‌కూ, తెరకూ పోగా 6 జీబీ కార్డులో ఉందనుకుందాం. మిగిలిన 3 జీబీ మామూలు ర్యామ్‌లోకి వెళ్తుంది, ఆ భాగం లెక్కలు ప్రాసెసర్ చేస్తుంది. రెండు డీడీఆర్4 స్టిక్కులున్న సిస్టంలో ర్యామ్ వేగం సెకనుకు 50 జీబీ మాత్రమే. కార్డులోని 6 జీబీకి 22 మిల్లీసెకన్లు, బయటి 3 జీబీకి 60 మిల్లీసెకన్లు పడుతుంది. బయట ఉన్నది మూడో వంతే, కానీ సమయంలో దాదాపు ముప్పావు వంతు అదే తినేసింది! నలభై కాస్తా పన్నెండుకు పడిపోయింది.

తెలుగువాళ్లకు ఇంకో దెబ్బ ఉంది. పైన చెప్పిన క్యాష్ టోకెన్ల లెక్కన పెరుగుతుంది. ఈ మోడల్లో 8 వేల టోకెన్లకు ఒకటిన్నర జీబీ. ఇంగ్లిష్‌లో మామూలు మాట ఒక్క టోకెన్‌లో సర్దుకుంటుంది. మన ‘స్త్రీ’ కంప్యూటర్‌కు ఆరు సంకేతాలు, పద్దెనిమిది బైట్లు. మాటల్ని టోకెన్లుగా కోసే టోకెనైజర్ తెలుగు సరిగ్గా నేర్వకపోతే దాన్ని ముక్కలు ముక్కలు చేస్తుంది. అదే విషయం తెలుగులో మాట్లాడితే మెమరీ కొన్ని రెట్లు ఎక్కువ పోతుంది. ఇంగ్లిష్ సమీక్షలు చూసి 8 జీబీ చాలనుకునేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

బొమ్మలు గీసే మోడళ్ల విషయం కొంచెం వేరు. అక్కడ ఒకసారి తెచ్చిన అంకెలతో బొమ్మ మొత్తం మీద బోలెడు లెక్కలు చేస్తారు కాబట్టి, కొంత భాగం ర్యామ్‌లో ఉన్నా దెబ్బ తక్కువ. ఎస్‌డీఎక్స్ఎల్ లాంటి బొమ్మల మోడల్ 8 జీబీలో నడుస్తుంది కూడా. చిక్కు చివర్లో వస్తుంది. స్టెప్పులన్నీ చకచకా పూర్తయి, లెక్కల రూపాన్ని పిక్సెళ్లుగా మార్చే ఆఖరి ఘట్టంలో మెమరీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. విండోస్‌లో ఎన్‌విడియా డ్రైవర్ అప్పుడు ఎర్రర్ ఇవ్వకుండా చప్పుడు చేయకుండా ర్యామ్‌ను వాడేసుకుంటుంది. దాంతో పని నత్తనడకకు దిగి, సిస్టం పాడైందేమోనని మనకు టెన్షన్. టాస్క్ మేనేజర్‌లో `Shared GPU memory` గీత పైకి లేస్తోందంటే జబ్బు అదే. ముక్కలుగా డీకోడ్ చేసే ఆప్షన్ పెడితే గండం గడుస్తుంది. ఇక 1200 కోట్ల పారామీటర్ల ఫ్లక్స్ అయితే ఎనిమిది బిట్లలోనే 12 జీబీ.

మెమరీ ఒక్కటే చాలదు, వేగమూ కావాలి, ఇప్పుడు చిన్న మోడళ్లే బాగున్నాయి అంటారు. నిజమే, 800 కోట్ల మోడల్ నాలుగు బిట్లలో 5 జీబీయే. ప్రతి టోకెన్‌కూ కొంత భాగాన్నే కదిలించే మోడళ్లు ర్యామ్‌తోనూ నెట్టుకొస్తాయి. కానీ తక్కువ వేగమున్న కార్డు ఆలస్యంగానైనా పని చేస్తుంది, పట్టని మోడల్‌తో కుస్తీ పడుతూ ఎన్నాళ్లుంటాం?

అసలు కోపం తెప్పించేది ఇంకొకటి. 2016లో ఎన్‌విడియా జీటీఎక్స్ 1070కి 8 జీబీ ఇచ్చింది. 2025లో ఆర్‌టీఎక్స్ 5060కీ అదే 8 జీబీ. తొమ్మిదేళ్లు! మెమరీ పెట్టడం చేతకాక కాదు. 24 జీబీ 4090లోనూ, 48 జీబీ ఆర్‌టీఎక్స్ 6000 ఏడాలోనూ ఉన్నది ఏడీ102 చిప్పే. ఆఫీసులకు అమ్మే రెండోదాని ధర విడుదలైనప్పుడు నాలుగు రెట్లకు పైనే ఉండేది. ఇళ్లలో వాడే కార్డులకు మెమరీ ధారాళంగా ఇస్తే ఆ ఖరీదైన కార్డుల బేరం దెబ్బతింటుందని నా అనుమానం. 5060 టీఐ చూడండి: పేరు ఒకటే, 8 జీబీ ఒకటి, 16 జీబీ ఒకటి. షాపులో బిల్లు కట్టేముందు డబ్బా తిప్పి ఆ అంకె ఎనిమిదో పదహారో మనమే చూసుకోవాలి.