సవరణ: చెక్కు బౌన్స్ అయితే డైరెక్టర్లందరూ బాధ్యులేనా?

"కంపెనీ చెక్కు బౌన్స్ అయితే డైరెక్టర్లందరి మీదా కేసే" అని మొన్న నేను రాసింది తప్పు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 141, దాని మీద 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చెప్పేది వేరు.

భీమవరంలో ఓ రొయ్యల మేత కంపెనీ ఉందనుకోండి. చెక్కు మీద సంతకం పెట్టిన ఎండీ ఎలాగూ బాధ్యుడే. డబ్బు పెట్టి, డైరెక్టరుగా ఏడాదికోసారి మీటింగుకొచ్చే బావమరిది సంగతి అలా కాదు. నేరం జరిగిన నాటికి వ్యాపారం నడిపే బాధ్యత ఆయనకూ ఉందని ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి. డైరెక్టరు అన్న హోదా ఒక్కటే చాలదు.

జీఎస్టీ బకాయిల్లో మాత్రం నిరూపించే బరువు డైరెక్టరు మీదే పడుతుంది. ప్రైవేటు కంపెనీ నుంచి వసూలు కాకపోతే, అది తన తీవ్ర నిర్లక్ష్యం వల్లో, విధి తప్పడం వల్లో జరగలేదని ఆ కాలంలో ఉన్న డైరెక్టరే నిరూపించుకోవాలి.