నోట్‌లోని అప్పు బ్యాలెన్స్ షీట్‌తో ట్యాలీ కావాలి

దామరచర్ల నుంచి మట్టంపల్లి దాకా కృష్ణ ఒడ్డున సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు, జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలు ఉన్నాయి. వీటికి లారీలు తిప్పేవాళ్లు, సంచులు, విడిభాగాలు అరువు మీద ఇచ్చేవాళ్లు, షేర్లు కొన్నవాళ్లు మన మధ్యే ఉన్నారు. కంపెనీకి ఎంత అప్పుందో తెలుసుకోవాల్సిన అవసరం వాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. జవాబు చాలాసార్లు వాట్సాప్‌లో వార్షిక నివేదిక పేజీ ఫొటోగా వస్తుంది. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ ఎంసీఏ పోర్టల్‌లో నూరు రూపాయలు కట్టి తెరిచినా, చిన్న కంపెనీల విషయంలో కనిపించేది తరచుగా సంతకాలు పెట్టిన కాగితాల స్కానే. అందులోంచి చేత్తో ఎక్కించుకున్నా, ఫోన్ చేత చదివించినా, ఆ అంకె ప్రధాన పట్టికలతో ట్యాలీ అయ్యేదాకా దాన్ని అప్పు లెక్కగా ఎవరికీ చెప్పకూడదని నా గట్టి అభిప్రాయం.

ఒక కేసు తీసుకుందాం. సిమెంటు, కరెంటు రెండూ తయారుచేసే ఒక కంపెనీ అనుకోండి. అంకెలు వివరణ కోసం నేను వేసినవే, పట్టికలోని ఒక్కో వరుసకు వెనక పేజీల్లో వివరం ఇచ్చే నోట్ల అమరిక మాత్రం నిజమైన నివేదికల్లో ఉండేదే.

ముందు కావాల్సింది బ్యాలెన్స్ షీట్ పేజీ. నోట్ ఫొటోతో మొదలుపెట్టొద్దు. అంకెలు లక్షల్లోనా కోట్లలోనా, కంపెనీ ఒక్కదాని స్టాండలోన్ లెక్కలా లేక అనుబంధ కంపెనీలతో కలిపిన కన్సాలిడేటెడ్ లెక్కలా అన్నది పట్టిక పైభాగంలో ఉంటుంది. ఫొటో తీసేవాళ్లు తరచుగా కోసేసేది ఆ పైభాగాన్నే. ఒకే నివేదికలో రెండు రకాల పట్టికలూ ఉంటాయి కాబట్టి స్టాండలోన్ నోట్‌ను కన్సాలిడేటెడ్ బ్యాలెన్స్ షీట్‌తో పోల్చి గంటలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. మన కంపెనీ స్టాండలోన్ బ్యాలెన్స్ షీట్‌లో దీర్ఘకాలిక అప్పులు 14,236 లక్షలు, పక్కన నోట్ 18 అని ఉంది. స్వల్పకాలిక అప్పులు 9,874 లక్షలు, నోట్ 22. మొత్తం అప్పు 24,110 లక్షలు, అంటే 241 కోట్ల చిల్లర.

ఇప్పుడు నోట్ 18 తెరుద్దాం. బ్యాంకుల టర్మ్ లోన్లు 15,480, ఫైనాన్స్ కంపెనీల లోన్లు 2,300, ప్రమోటర్ల అప్పు 1,650, మొత్తం 19,430. దీంట్లోంచి ఇంకా ఖర్చు రాయని ప్రాసెసింగ్ ఫీజు (84), ఏడాదిలోపు కట్టాల్సిన వాయిదాలు (5,110) తీసేస్తే 14,236 వస్తుంది. బ్యాలెన్స్ షీట్‌లో ఉన్నది అదే. నోట్ 22లో క్యాష్ క్రెడిట్ 4,264, వర్కింగ్ క్యాపిటల్ లోన్ 500, వాటి కింద మళ్లీ అదే 5,110 ఉన్నాయి. కలిపితే 9,874.

అందరూ జారేది ఈ 5,110 దగ్గరే. ఆ వాయిదాలు ఒక నోట్‌లో తీసివేతగా, ఇంకో నోట్‌లో కూడికగా, రెండు చోట్లా కనిపిస్తాయి. తొందరలో నోట్ 18లోని 19,430కి నోట్ 22లోని 9,874 కలిపితే 29,304 వస్తుంది. కంపెనీకి లేని 5,194 లక్షల అప్పు దాని నెత్తిన పడుతుంది. దాంట్లో 5,110 వాయిదాలు, మిగతా 84 ప్రాసెసింగ్ ఫీజు. పాత నివేదికల్లో దీనికి తిరుగు సమస్య ఉంటుంది. కంపెనీల చట్టం షెడ్యూల్ 3 సవరణ 2021 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అప్పటినుంచే ఈ వాయిదాలను స్వల్పకాలిక అప్పుల కింద చూపిస్తున్నారు. అంతకుముందు అవి ‘ఇతర’ బాధ్యతల నోట్‌లో ఉండేవి. 2019 నివేదికలో అప్పుల రెండు వరుసలే కూడితే వాయిదాలు లెక్కలోంచి జారిపోతాయి. ఆ పాత అంకెను ఈనాటి అంకె పక్కన పెడితే అప్పు ఒక్కసారి పెరిగినట్టు కనిపించి టెన్షన్ పుడుతుంది. మారింది చూపించే చోటు మాత్రమే.

ఫొటో వల్ల వచ్చే తప్పులు వేరు. తేడా ఎంత వచ్చిందో చూస్తే వాటిని చాలావరకు గుర్తుపట్టవచ్చు. బ్రాకెట్ మసకబారి (84) కాస్తా 84గా చదివితే మొత్తం 14,404 అవుతుంది. తేడా 168. దాన్ని సగం చేస్తే 84 దొరుకుతుంది, అంటే తీసేయాల్సింది కలిపేశామన్నమాట. 15,480లో 8ని 3గా చదివితే తేడా సరిగ్గా 50 వస్తుంది. ఇలా ఒకే అంకె, తర్వాత సున్నాలుగా తేడా వస్తే ఎక్కడో ఒక అంకె తప్పు చదివామని అనుమానించాలి. తేడా తొమ్మిదితో భాగిస్తే శేషం లేకుండా పోతే, పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. ఇవేవీ రుజువులు కావు, మళ్లీ ఫొటోలో ఎక్కడ చూడాలో చెప్పే గుర్తులు. తేడాను ‘ఇతరములు’ అని ఒక వరుస వేసి సరిపెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. అలా చేస్తే తప్పు లోపలే ఉండిపోతుంది, పైకి పట్టిక శుభ్రంగా కనిపిస్తుంది.

మొత్తం ట్యాలీ అయినా వరుసలన్నీ సరైనవని కాదు. ఫొటో వంకరగా ఉండి బ్యాంకుల 15,480, ఫైనాన్స్ కంపెనీల 2,300 ఒకదాని చోట ఒకటి పడితే కూడిక మారదు. అప్పిచ్చింది ఎవరన్న సంగతి మాత్రం తలకిందులవుతుంది. అందుకే నోట్ కింద చిన్న అక్షరాల్లో ఉండే తాకట్టు, వాయిదాల వివరాలను వరుసవారీగా సరిచూడాలి.

నేను ఎక్కువగా నమ్మే పరీక్ష, ఏడాదిలో నగదు రాకపోకలు చూపే క్యాష్ ఫ్లో పట్టికతో చేసేది. కిందటేడు అప్పులు 16,910, 8,455 కలిపి 25,365 అనుకుందాం. ఈ ఏడు 24,110, అంటే 1,255 తగ్గింది. క్యాష్ ఫ్లోలో కొత్త టర్మ్ లోన్లు 2,400 వచ్చాయి, 5,215 తిరిగి కట్టారు, స్వల్పకాలిక అప్పు నికరంగా 1,530 పెరిగింది. ఆ లెక్కన తగ్గాల్సింది 1,285. తేడా 30. ఇది తప్పు కాదు. ఈ ఏడాది ఖర్చుగా రాసిన ప్రాసెసింగ్ ఫీజు అది. నగదు కదలకుండానే అప్పు నిల్వ అంతమేర పెరుగుతుంది. కిందటేడు కాలమ్‌లో ఫీజు 114 ఉండి ఈ ఏడు 84కి దిగిందని నోట్ 18లోనే కనిపిస్తుంది. రెండేళ్ల కాలమ్‌లు తారుమారైనా ఈ పరీక్షలో బయటపడుతుంది, ఎందుకంటే తగ్గాల్సిన అప్పు పెరిగినట్టు వస్తుంది. విదేశీ కరెన్సీ అప్పు ఉంటే మారకం రేటు తేడా కూడా ఇక్కడే కలుస్తుంది.

ఏ వ్యాపార విభాగం నుంచి ఎంత ఆదాయమో చెప్పే సెగ్మెంట్ నోట్‌కు ఇంత పని ఉండదు, కానీ ఒక మెలిక ఉంది. మన కంపెనీలో సిమెంటు 58,916, కరెంటు 7,380, మొత్తం 66,296. లాభనష్టాల ఖాతాలో వ్యాపార ఆదాయం 61,742 మాత్రమే. మధ్యలో ఉన్న 4,554 కంపెనీ తన కరెంటును తన సిమెంటు ప్లాంటుకే అమ్ముకున్న లెక్క. నోట్‌లో అది అంతర్గత అమ్మకాల తీసివేతగా బ్రాకెట్‌లో ఉంటుంది. ఆ వరుస ఫొటోలో పోతే కరెంటు వ్యాపారం ఆదాయంలో 11 శాతం అనిపిస్తుంది. బయటివాళ్లకు అమ్మింది 2,826, అంటే 4.6 శాతమే. తీసివేత తర్వాత కూడా తేడా మిగిలితే, కంపెనీ వడ్డీ, డిపాజిట్ల మీద వచ్చే ఇతర ఆదాయాన్ని సెగ్మెంట్లలో కలిపిందేమో చూడాలి. అప్పుడు పోల్చాల్సింది మొత్తం ఆదాయంతో. స్టాండలోన్ పట్టికల్లో సెగ్మెంట్ నోట్ అసలు కనిపించకపోతే కన్సాలిడేటెడ్ నోట్లలో వెతకాలి. రెండు రకాల పట్టికలూ ఒకే నివేదికలో ఉన్నప్పుడు కన్సాలిడేటెడ్‌లో ఒక్కచోట ఇస్తే చాలని అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 108 చెబుతుంది. అలాంటప్పుడు దాన్ని కన్సాలిడేటెడ్ లాభనష్టాల ఖాతాతోనే ట్యాలీ చేయాలి.