జంగయ్యను చంపే ముందు మోకు చూపించాలి

పాఠకుడు ప్రేమించిన పాత్రను చివరి పేజీల్లో హఠాత్తుగా చంపేసి, ఆ దెబ్బకు వచ్చిన కన్నీళ్లను తన ప్రతిభగా లెక్కవేసుకునే కథకుల మీద నాకు చాలా కాలంగా కోపం ఉంది. ఆ కోపానికి ఈ మధ్య ఒక మంచి కారణం దొరికింది. నల్లగొండలో మేము కొందరం నెలకోసారి కూర్చుని ఒకరి కథలు ఒకరం చదువుకుంటాం. అక్కడికి మునుగోడు వైపు నుంచి వచ్చే ఒక తమ్ముడు పద్దెనిమిది పేజీల కథ తెచ్చాడు. అందులో జంగయ్య అనే గీత కార్మికుడు ఊరందరికీ ఇష్టుడు, చదివిన మాకూ ఇష్టుడే. పదహారో పేజీలో ఆయన తాటిచెట్టు మీది నుంచి పడి చనిపోతాడు. అంతకుముందు పదిహేను పేజీల్లో ఆయన చెట్టెక్కడం ఒక్కసారి కూడా కనబడదు. ఎందుకిలా రాశావని అడిగితే, "బతుకుల సావు చెప్పి వస్తదా అన్నా?" అన్నాడు.

బతుకులో చెప్పి రాదు, నిజమే. కానీ బతుకును ఎవరూ కూర్చుని రాయలేదు, ఈ కథను మాత్రం అతను రాశాడు. జంగయ్య పడడానికి కథలో ఏ కారణమూ లేనప్పుడు పాఠకుడికి కనబడేది చావు కాదు, చెట్టు కింద నిలబడి తోసేసిన రచయిత.

మరుసటి నెల అతను కథను మార్చి తెచ్చాడు. ఈసారి గుడ్లగూబ అరిచింది, దీపం కొండెక్కింది, భార్యకు కుడికన్ను అదిరింది. ఆరో పేజీకే అందరికీ విషయం తెలిసిపోయింది, ఆ తర్వాత జంగయ్య ఎంత నవ్వించినా ఎవరికీ నవ్వు రాలేదు. శకునం చావు వస్తోందని చెబుతుందే తప్ప, ఎందుకు వస్తోందో చెప్పదు.

చిన్నప్పుడు అభిమన్యుడి కథ విన్నవాళ్లకు ఈ తేడా విడమరిచి చెప్పనక్కరలేదు. వ్యూహాన్ని ఛేదించడం తెలుసు, బయటికి రావడం తెలియదు అని ఆ పిల్లవాడే ధర్మరాజుతో ముందుగా చెబుతాడు. వెనకే వస్తామని పెద్దలు మాట ఇస్తారు. అర్జునుడిని సంశప్తకులు దూరంగా లాక్కుపోయి ఉంటారు. అర్జునుడు తప్ప మిగిలిన పాండవులను ఒక్కరోజు నిలువరించే వరం సైంధవుడికి ఉందన్న సంగతి ఎప్పుడో అరణ్యపర్వంలోనే వచ్చింది. ఏదీ దాచలేదు, అయినా ఆ పిల్లవాడు లోపలికి వెళుతుంటే మనం ఆపాలనుకుంటాం. అతని చావుకు దారి తీసింది మనం మెచ్చుకున్న ఆ ధైర్యమే.

జంగయ్యలో మనం మెచ్చుకున్నది ఏమిటని ఆ తమ్ముణ్ణి అడిగాను. చేతిలో ఉన్నది ఎవరికైనా ఇచ్చేసే గుణం అన్నాడు. అయితే చావు అక్కడి నుంచే రావాలి అన్నాను. ఆ సాయంత్రం కూర్చుని మూడు చోట్లు అనుకున్నాం. రెండో పేజీలో జంగయ్య పొద్దున్నే, చెట్టు మీద తనను పట్టి ఉంచే తాడైన మోకును మోకాలికి వేసి గుంజి, చెట్టుకు రాసుకునే చోట అరిగిందేమో వేలితో తడిమి చూస్తాడు, "నన్నెన్నడన్న గట్ల చూసినవా?" అని భార్య ఎగతాళి చేస్తుంది. అది నవ్వులాట సన్నివేశం, పాఠకుడికి భార్యాభర్తల సరసమే గుర్తుంటుంది. తొమ్మిదో పేజీలో కొత్తగా చెట్టెక్కడం నేర్చుకుంటున్న మేనల్లుడికి తన కొత్త మోకు ఇచ్చి, పాతది తను ఉంచుకుంటాడు. అక్కడ మనం చూసేది మేనమామ ప్రేమ. పదిహేనో పేజీలో అకాల వాన వెలిసిన పొద్దున, పెళ్లివారికి కల్లు పంపాలన్న తొందరలో, గీత పనిముట్ల ముస్తాదు భుజాన వేసుకుని పోతాడు. మోకును గుంజి చూడడు. చూడలేదని కథ చెప్పకూడదు, ఆ పని జరగని చోటు మాత్రం పాఠకుడికి కనబడాలి.

చావును తీసేసి చదివినా ఈ మూడు సన్నివేశాలు నిలబడాలన్నదే నేను పట్టుకునే పరీక్ష. మోకును కేవలం తర్వాత తెగడం కోసమే చూపిస్తే అది గుడ్లగూబకు ఇంకో పేరు. దూరం కూడా ముఖ్యమే: మేనల్లుడికి మోకు ఇవ్వడం పద్నాలుగో పేజీలో పెట్టి ఉంటే లెక్క వెంటనే తేలిపోయేది, మధ్యలో పెళ్లి గొడవ, అప్పు, కొడుకు అలక ఉండబట్టే పాఠకుడు దాన్ని మరిచిపోయాడు.

మూడో రూపం చదివిన ఒక టీచరమ్మ పదహారో పేజీ దగ్గర ఆగి, ఏమీ అనకుండా వెనక్కి తిప్పి తొమ్మిదో పేజీ తీశారు. ఆ తమ్ముడు నా వైపు చూశాడు.

చివరి రెండు పేజీల్లో ఇప్పుడు మేనల్లుడు కొత్త మోకును గోడకు తగిలించి, దాని వైపు చూడలేక తిరుగుతుంటాడు. ఒక్క వాక్యం దగ్గర మాకింకా కుదరలేదు: చెట్టు వైపు పోతూ జంగయ్య ఒకసారి ఇంటివైపు తిరిగి చూశాడట. తీసెయ్యమని మూడుసార్లు చెప్పాను, అతను తీయలేదు.