ఫ్లయరులో లేని 16

ఉగాది సంబరాల మరుసటి వారం ఇక్కడ అమెరికాలో మన సంఘం ఒక థియేటరులో తెర మొత్తాన్ని మాట్లాడుకుని కొత్త తెలుగు సినిమా వేయించిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఫ్లయరులో "ఫ్యామిలీ షో, సెన్సార్ యూఏ" అని మాత్రమే ఉంది. యూఏ అంటే ఇక్కడి పీజీ వంటిదేనని వాట్సాప్ గ్రూపులో ఎవరో భరోసా కూడా ఇచ్చారు. విశ్రాంతికి కొంచెం ముందు వచ్చిన చిత్రహింసల సన్నివేశం ఒక పాటంత సేపు సాగింది. నా పక్కన కూర్చున్న మా అన్నయ్య కూతురికి పదమూడేళ్లు. ఆ పిల్ల కళ్లు మూసుకోలేదు, మాట్లాడలేదు, విశ్రాంతిలో మాత్రం "బాబాయ్, ఇది మాకు వేసిన సినిమాయేనా?" అని అడిగింది. చిన్నపిల్లలున్న కొన్ని కుటుంబాలు అప్పుడే వెళ్లిపోయాయి. ఈ విషయం కదిపితే కార్యవర్గంలోని ఒక పెద్దాయన "సెన్సార్ వాళ్లే ఇచ్చాక మనదేముందండీ" అన్నారు.

సెన్సార్ వారు ఇచ్చింది యూఏ కాదు, యూఏ 16+. సినిమా మొదట్లో తెరపై కనిపించిన సర్టిఫికెట్టులోనే ఆ అంకె ఉంది. భారతదేశంలో 1983 నుంచి యూఏ అనేది ఒకే వర్గంగా ఉండేది. పన్నెండేళ్ల లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు ఆలోచించుకోవాలని దాని భావం. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణతో దానిని యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ అని మూడుగా విడదీశారు. ఏడేళ్ల పిల్లలకు తగిన సినిమాకూ, పదహారేళ్లు నిండినవారికి తగిన సినిమాకూ మొదటి రెండు అక్షరాలు ఒకటే కాబట్టి, అంకెను వదిలేసిన ఫ్లయరు అసలు సమాచారాన్నే వదిలేసినట్టు. పాత సినిమాలకు అంకె లేని యూఏయే ఉంటుంది గనుక వాటి విషయంలో మరింత విచారించుకోవాలి.

ఇంకొక సంగతి ఉంది. యూఏలోని అంకె థియేటరు వారిని ఉద్దేశించినది కాదు. దానిని అమలు చేయవలసినది తల్లిదండ్రులు, సంరక్షకులే తప్ప మరొకరు కారని చట్టమే చెబుతుంది. పద్దెనిమిదేళ్ల లోపు వారిని గుమ్మం దగ్గర ఆపవలసినది "ఏ" సర్టిఫికెట్టు ఉన్నప్పుడే. అంటే "సెన్సార్ వాళ్లే ఇచ్చారు" అనే మాట తలకిందులుగా ఉంది. వాళ్లు నిర్ణయాన్ని మనకే అప్పగించారు.

అమెరికాలో ఆ సర్టిఫికెట్టుకు చట్టబలం లేదు. ఇక్కడి పీజీ-13, ఆర్ వంటివి సినీ పరిశ్రమ స్వచ్ఛందంగా నడుపుకునే పద్ధతి. మన సినిమాలను సాధారణంగా దానికి పంపరు గనుక అవి "నాట్ రేటెడ్" అనే ముద్రతో ఆడతాయి. అది అభ్యంతరం లేదనడం కాదు, ఎవరూ చూసి చెప్పలేదనడం. పైగా యూఏ 13+ను పీజీ-13తో సమానం చేయడం కూడా కుదరదు. ఇక్కడి బోర్డు ఒక ఘాటైన బూతు మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడుతుంది, మత్తుమందు వాడకం కనిపిస్తే పీజీ-13కి తగ్గనివ్వదు. మన బోర్డు ముద్దు దగ్గర చూపే పట్టుదల కత్తి దగ్గర చూపదని నా అభిప్రాయం. సిగరెట్టు కనిపించిన ప్రతిసారీ తెర మూల హెచ్చరిక వేసే మనం, నరుకుడు దగ్గర ఏ హెచ్చరికా వేయము.

మరి ఎక్కడ చూడాలి? ఈ సినిమా విషయంలో నేను తరువాత చూసినది బ్రిటన్‌లోని బీబీఎఫ్‌సీ వెబ్‌సైటు. అక్కడి థియేటర్లలో విడుదలయ్యే తెలుగు సినిమాలను కూడా వారు చూసి వయసు నిర్ణయిస్తారు; హింస, భాష, లైంగిక దాడి వంటివి ఏ మేరకు ఉన్నాయో విడివిడిగా రాస్తారు. మన సినిమాకు 15 ఇచ్చి, చిత్రహింసల సంగతి స్పష్టంగా పేర్కొన్నారు. అక్కడ 15 అంటే తల్లిదండ్రులు వెంట ఉన్నా పద్నాలుగేళ్ల పిల్లలను థియేటరులోకి రానివ్వరు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. భారతదేశంలో కోసిన సన్నివేశాలు విదేశీ ప్రింటులో ఉండవచ్చు. భారతీయ సర్టిఫికెట్టులోని నిడివి కంటే ఇక్కడి థియేటరు చూపే నిడివి ఎక్కువగా ఉంటే అనుమానించాలి.

ఊళ్లో నేల టికెట్టు మీద ఇంటిల్లిపాదీ కలిసి సినిమా చూసిన తరం మనది. ఆ అలవాటును ఇక్కడా నిలబెట్టాలని శ్రమపడుతున్న స్వచ్ఛంద కార్యకర్తల మీద నాకు కోపం లేదు, ఆ రోజు సమోసాలు పంచినవారి మీద అసలే లేదు. కార్యవర్గాన్ని వేడుకునేది ఒక్కటే. దీపావళి షో ఫ్లయరులో సర్టిఫికెట్టును అంకెతో సహా ముద్రించి, హింస గురించి, లైంగిక సన్నివేశాల గురించి కింద రెండు వాక్యాలు రాయండి. అవి చదివాక మా పిల్లలు రారని చెప్పేవారికి, షోకు రెండు రోజుల ముందు వరకు టికెట్టు డబ్బు తిరిగి ఇవ్వండి.