ఆఫర్ వద్దనే మెయిల్‌ను నాన్చకండి

"ఆఫర్ లెటర్ వచ్చింది కానీ వేరే కంపెనీలో చేరుతున్నా. హెచ్ఆర్ మేడమ్ చాలా సాయం చేశారు. మొహమాటంగా ఉంది, మెయిల్‌లో ఏం రాయను?"

పదేళ్లుగా హైదరాబాద్‌లో రిక్రూటర్‌గా ఉన్నానండి. మాకు కోపం తెప్పించేది 'నో' కాదు, అది ఆలస్యంగా రావడం. నోటీస్ పీరియడ్ 90 రోజులు ఉన్నచోట మీరు చివరి వారంలో చెబితే, మా లిస్టులో రెండో స్థానంలో ఉన్న అభ్యర్థి అప్పటికే ఇంకెక్కడో చేరిపోయి ఉంటారు. మేము మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. అందుకే నిర్ణయం తీసుకున్న రోజే ఫోన్ చేసి, ఆ వెంటనే ఆఫర్ వచ్చిన మెయిల్‌కే రిప్లై ఇవ్వండి.

నాలుగు వాక్యాలు చాలు: "మేడమ్, ఆఫర్‌కు ధన్యవాదాలు. బాగా ఆలోచించాక, డేటా వైపు పని ఉన్న వేరే ఉద్యోగం ఎంచుకున్నాను, కాబట్టి ఈ ఆఫర్ అంగీకరించలేకపోతున్నాను. రెండో రౌండ్ నా కోసం శనివారానికి మార్చారు, అది మర్చిపోను. మీ టీమ్‌కు సరిపోయే స్నేహితుడు ఒకరున్నారు, సరేనంటే రెజ్యూమె పంపిస్తాను."

ఆ శనివారం మాటే మాకు గుర్తుండిపోతుంది. అవతలి జీతం అంకె మాత్రం రాయకండి, బేరం మొదలవుతుంది. 'ఇంట్లో ప్రాబ్లం' అని అబద్ధమూ వద్దు, నెల తిరక్కుండానే లింక్డ్‌ఇన్‌లో మీ కొత్త కంపెనీ పేరు కనిపిస్తుంది కదా!