పాస్‌పోర్టుకు నా అందమైన ముఖం పనికిరాదట

నా పాస్‌పోర్టు దరఖాస్తు వెనక్కి వచ్చింది. సంతకం సరిపోయింది, పుట్టినతేదీ సరిపోయింది, చిరునామా కూడా సరిపోయింది. ఫోటో దగ్గర మాత్రం "మార్పులు చేసిన చిత్రం, అసలు ఫోటో పంపండి" అని రాశారు. మార్పులు చేసిన చిత్రమట! అది మార్చిన ఫోటో కాదండీ, మొదటి నుంచి చివరి దాకా కొత్తగా తయారైన ఫోటో. ఈ తేడా తెలియని వాళ్ల చేతిలో పౌరుల ముఖాలు పెట్టాం.

జరిగింది చెప్తాను, న్యాయం మీరే చెప్పండి. ఫోటో దిగడానికి వెళ్లాలంటే గడ్డం గీసుకోవాలి, చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి, అక్కడికి వెళ్లాక ఎవరో వచ్చి గడ్డం పట్టుకుని తల అటూ ఇటూ తిప్పుతారు. ఇంత అవమానం ఎందుకని, ఫోన్లో ఉన్న పన్నెండు సెల్ఫీలు ఏఐతో బొమ్మలు గీసే ఒక యాప్‌కి ఇచ్చి "తెల్ల బ్యాక్‌గ్రౌండ్, నల్ల కోటు, ఆఫీసు ఫోటోలా" అని అడిగాను. నిమిషం తిరక్కుండా ఒక పెద్దమనిషి ప్రత్యక్షమయ్యాడు. ఏడెనిమిదేళ్లు చిన్నవాడు, పది గంటలు నిద్రపోయి లేచినట్టున్నాడు, అప్పులున్న లక్షణాలు ఎక్కడా లేవు. చూడగానే నేనే అనిపించింది, ఎందుకంటే నన్ను నేను లోపల అనుకునేది అలాగే. మా ఆవిడకి చూపిస్తే "ఎవరండీ, మీ పెదనాన్నగారి అబ్బాయా?" అంది. అక్కడే ఆగాల్సింది. ఆగలేదు.

దరఖాస్తు తిరిగొచ్చాక, ఆఫీసు వాళ్ల తప్పు నిరూపించి తీరాలని ఆ బొమ్మనీ నా మామూలు ఫోటోనీ పక్కపక్కన పెట్టి పెద్దవి చేసి చూశాను. ఎంత చూస్తే నా కేసు అంత బలహీనపడుతూ వచ్చింది. చిన్నప్పుడు తలుపు తగిలి నా కుడి కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు మొలవని చిన్న గాటు పడింది, అది నిండుగా పూడిపోయింది. కాస్త బయటికి ఉండే ఎడమ చెవి బుద్ధిగా తలకి అతుక్కుంది. కళ్లలో పడే వెలుగు చుక్కలు చూస్తే ఎడమ కంట్లో కిటికీ ఆకారం, కుడి కంట్లో గుండ్రటి దీపం. అంటే ఒక కన్ను పగటిపూట, ఇంకో కన్ను రాత్రిపూట ఫోటో దిగాయన్నమాట. కోటు కాలర్ ఒకవైపు కోటుగానే మొదలై మెడ దగ్గరికి వచ్చేసరికి చర్మంలో కలిసిపోయింది.

అన్నిటికంటే విచిత్రం ముక్కు పక్కన పుట్టుమచ్చ. నాది ఎడమవైపు. ముందు కెమెరాతో తీసే సెల్ఫీలని కొన్ని యాప్‌లు అద్దంలో కనిపించినట్టే తిరగేసి దాచుకుంటాయి, కొన్ని దాచుకోవు. కాబట్టి నేనిచ్చిన పన్నెండింట్లో కొన్నిట్లో మచ్చ ఎడమవైపు ఉంది, కొన్నిట్లో కుడివైపు ఉంది. సాక్షులు తలో మాటా చెప్తే కోర్టు కేసు కొట్టేసినట్టు, అది మచ్చనే కొట్టేసింది. గుర్తింపు పత్రాల్లో "శరీరంపై గుర్తింపు మచ్చలు" అని గడి పెట్టి మరీ అడిగే ప్రపంచం ఇది.

ఇప్పుడు అవతలి పక్షం వాదన కూడా వినాలి కదా, బాధగానే వింటాను. ఐకావో అనే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రయాణ పత్రాలు ఎలా ఉండాలో డాక్ 9303 అని ఒక పత్రంలో రాసిపెట్టింది. దేశాలన్నీ పాస్‌పోర్టులు దాని ప్రకారమే చేస్తాయి. చిప్ ఉన్న పాస్‌పోర్టులో మీ ఫోటో పేజీ మీదే కాదు, చిప్ లోపల కూడా ఉంటుంది. విమానాశ్రయంలో ఆటోమేటిక్ గేటు ముందు నిలబడితే అది అప్పటికప్పుడు మీ ఫోటో ఒకటి తీసి, దాన్నీ చిప్‌లో ఉన్నదాన్నీ అంకెల వరుసలుగా మార్చి, రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయో ఒక మార్కు వేస్తుంది. మార్కు గీత దాటితే తలుపు తెరుచుకుంటుంది, లేకపోతే పక్కన మనిషి ఉన్న కౌంటర్‌కి వెళ్లమంటుంది. ఆ యంత్రం మీరు అందంగా ఉన్నారా అని చూడదు. కళ్ల చుట్టూ ఎముక ఎలా ఉంది, ముక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది లాంటివన్నీ ఆ అంకెల్లోకి చేరతాయి. బొమ్మ గీసే యాప్ సరిగ్గా అక్కడే చేయి పెడుతుంది. నా ముఖాన్ని అది చూసి రాసుకోలేదు, నేనిచ్చిన ఫోటోలూ, లక్షల కొద్దీ ఇతరుల ముఖాలతో నేర్చుకున్న అలవాటూ కలిపి ఇలా ఉండొచ్చు అని ఊహించింది. ఊహ బాగానే ఉంది, కానీ గేటు ముందు నిలబడేది ఊహ కాదు, నేను.

మరి గేటు దాటేస్తే? చాలామంది అడిగే ప్రశ్న ఇదే, దాటేస్తే తప్పేంటి అని. అసలు తంటా అక్కడే ఉంది. చిప్‌లో ఉన్నదాని మీద ప్రభుత్వం డిజిటల్ సంతకం ఉంటుంది, పాస్‌పోర్టు ఇచ్చాక ఎవరైనా ఫోటో మారిస్తే ఆ సంతకం పట్టేస్తుంది. కానీ ముందే తప్పు ఫోటో పెట్టి సంతకం చేసేస్తే? అప్పుడు ఆ సంతకం అబద్ధానికి కాపలా కాస్తుంది, అదీ పాస్‌పోర్టు గడువు ముగిసే దాకా. ఇద్దరు మనుషుల ముఖాలు కలిపి ఒకే ఫోటోగా చేస్తే యంత్రం ఇద్దరినీ ఔననే ప్రమాదం ఉంది. దీన్ని మార్ఫింగ్ అంటారు. 2018లో జర్మనీలో ఒక కార్యకర్తల బృందం, తమలో ఒకరి ముఖాన్ని అప్పటి యూరోపియన్ యూనియన్ విదేశాంగ ప్రతినిధి ఫెడెరికా మొగెరిని ముఖంతో కలిపిన ఫోటో ఇచ్చి నిజం పాస్‌పోర్టే తీసుకుంది. ఆ దేశంలో 2025 మే నుంచి కాగితం ఫోటోలు తీసుకోవడం మానేశారు. ఆఫీసులోనే తీయాలి, లేదా ఆమోదం ఉన్న ఫోటోగ్రాఫర్ తీసి భద్రమైన దారిలో నేరుగా పంపాలి. నా పెదనాన్నగారి అబ్బాయిని చూడగానే అధికారికి అనుమానం ఎందుకొచ్చిందో ఇప్పుడు నాకు కొంచెం అర్థమవుతోంది. కొంచెమే.

ఇంకో చిక్కు, ఫోటో గత ఆరు నెలల్లో తీసినదై ఉండాలని నియమం. నాది ఎప్పుడు తీసినట్టు? ఎప్పుడూ తీయలేదు. ఏ రోజూ ఏ వెలుగూ ఆ కోటు మీద పడలేదు, ఆ కోటే లేదు. ఫోటో అంటే ఫలానా రోజున ఈ మనిషి కెమెరా ముందు ఇలా ఉన్నాడని సాక్ష్యం. నేను ఇచ్చింది సాక్ష్యం కాదు, సిఫారసు ఉత్తరం. పైగా దరఖాస్తులో వివరాలన్నీ నిజమని కింద సంతకం పెట్టింది నేను, యాప్ కాదు.

నా మిత్రుడొకడు నాకంటే తెలివైనవాడు. "నేను ముఖం జోలికి పోలేదు, చొక్కా రంగు మాత్రమే మార్చమన్నాను" అన్నాడు. ఇది నమ్మి మోసపోయే వాళ్లు ఎక్కువ. ఇలాంటి పనిముట్లు చాలావరకు చొక్కా ఒక్కటీ ముట్టుకుని ఊరుకోవు, మొత్తం బొమ్మని మళ్లీ గీస్తాయి, ఆ గీతలో ముఖం కూడా మారిపోతుంది. మసకగా ఉన్న ఫోటోని స్పష్టంగా చేయమన్నా అంతే. లేని కనురెప్ప వెంట్రుకలు మొలిపిస్తుంది, చర్మం మీద సొంతంగా రంధ్రాలు పెడుతుంది. బ్యాక్‌గ్రౌండ్ తీసేసి తెలుపు పెడితే జుట్టు అంచుల్నీ చెవి అంచుల్నీ కత్తెరతో కోసినట్టు కోస్తుంది. చాలా దేశాల వాళ్లు యాప్‌లు, ఫిల్టర్లు వాడొద్దని రాసే పెట్టారు. కత్తిరించడం, సైజు మార్చడం వరకు సరే, అంతకుమించి దిద్దకూడదు.

సరే, ఓడిపోయాను. రెండోసారి ఫోటో ఎలా తీశామో చెప్తాను, మీకైనా పనికొస్తుంది. ముందు సెల్ఫీ అన్నాను, మా బావమరిది ఒప్పుకోలేదు, వాడు ఫోటోలు తీసేవాడే. చేయి చాచి తీస్తే కెమెరా ముఖానికి అరమీటరు దూరంలో ఉంటుంది, అంత దగ్గరలో ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. అంటే యాప్ చేసే మోసం కాకపోయినా లెన్సు చేసే మోసం ఉంటుంది. అందుకని వెనక కెమెరాతో, ఒకటిన్నర మీటరు పైగా దూరం నుంచి, నా కళ్ల ఎత్తులో ఫోన్ పట్టుకుని తీశాడు. పోర్ట్రెయిట్ మోడ్ ఆపేశాడు, అది చెవుల్ని మసక చేస్తుందట. బ్యూటీ ఫిల్టర్ ఆపేశాడు. నన్ను ఏమీ లేని తెల్ల గోడ ముందు, గోడకి అరమీటరు ఎడంగా నిలబెట్టాడు, నీడ గోడ మీద పడకుండా. కిటికీకి ఎదురుగా నిలబడితే వెలుగు రెండు బుగ్గల మీదా సమానంగా పడింది. పక్కకి తిరిగినప్పుడు మాత్రం సగం ముఖం చీకట్లో ఉండిపోయింది, ఆ ఫోటో తీసేశాం. కళ్లజోడు తీయించాడు, చాలాచోట్ల ఒప్పుకోరు. నోరు మూయమన్నాడు. ఫోటో కోసమేనని తర్వాత చెప్పాడు.

తల చుట్టూ ఖాళీ వదిలి తీసి, దరఖాస్తులో అడిగిన కొలతకి తర్వాత కత్తిరించాడు. ఐకావో లెక్కలో రెండు కళ్ల మధ్య కనీసం 90 పిక్సెళ్లు ఉండాలి, ఇవాళ్టి ఫోన్‌తో తీస్తే అది పెద్ద సమస్య కాదు. కానీ అదే ఫోటోని మెసేజ్ యాప్‌లో మామూలుగా పంపితే అది ఫోటోని నొక్కి చిన్నది చేసేస్తుంది, అందుకని ఫైలుగా పంపాడు. ఇదంతా ఎందుకనుకుంటే, గుర్తింపు ఫోటోలు తీసే స్టూడియోకి వెళ్లి ఏ పత్రానికో చెప్పి, "దిద్దకండి" అని గట్టిగా అనండి, అలవాటు కొద్దీ మొటిమలు తుడిచేస్తారు. ఆఫీసులోనే తీసే ఏర్పాటుంటే ఇంకా మేలు, తప్పు మీ మీదకి రాదు.

కొత్త ఫోటోలో గాటుంది, మచ్చ ఎడమవైపే ఉంది, ఎడమ చెవి బయటికే ఉంది, కళ్ల కింద నల్లగా ఉంది. మొత్తం మీద రాత్రి సరిగ్గా నిద్రపోని, నెలాఖరులో ఉన్న మనిషి. ఈసారి నన్నే స్వయంగా రమ్మన్నారు. కౌంటర్‌లో అధికారి ఫోటో చూశాడు, నా ముఖం చూశాడు, మళ్లీ ఫోటో చూడలేదు. "మీరే, వెళ్లండి" అన్నాడు. ఒక్కసారైనా ఆలోచిస్తాడనుకున్నాను.